పెళ్లి ప్రొఫైల్ చిత్తుప్రతిపై నిర్మొహమాటమైన మాట కావాలా? దగ్గరి స్నేహితురాలికి ఉత్తరం ఇలా రాయండి

పెళ్లి సంబంధాల వెబ్‌సైట్‌లో ప్రొఫైల్ పెట్టబోయే అమ్మాయిలు, అబ్బాయిలు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది: "రాసింది దగ్గరి స్నేహితురాలికి చూపించాను. చాలా బాగుంది, పెట్టెయ్ అంది. పెట్టాను. వచ్చే సంబంధాలేవీ నాకు నప్పడం లేదు. ఆమె నాకు నిజం చెప్పలేదా?"

ఆమె అబద్ధం చెప్పలేదు. "ఎలా ఉందో చూడు" అని అడిగితే ఎవరి నోటినుంచైనా వచ్చే జవాబు అదే. పెళ్లి మాట కాబట్టి మొహమాటం ఇంకా ఎక్కువ. తప్పు పడితే మీ మీదే తప్పు పట్టినట్టు అవుతుందని ఆమె భయం. ఆ భయం తీసేసి, ఏం చూడాలో చేతికి అందించే ఉత్తరం రాస్తే అదే స్నేహితురాలు మీకు పనికొచ్చే నాలుగు మాటలు చెబుతుంది. ఆ ఉత్తరం ఎలా రాయాలో ఒక ఉదాహరణతో చెబుతాను. విజయనగరంలో ఉండే ఒక స్కూల్ టీచరు, శ్రీకాకుళంలో కాపురం ఉంటున్న తన బి.ఇడి. స్నేహితురాలికి రాస్తోందనుకుందాం. ఉదాహరణ కోసం వాళ్లను రమ, సుధ అందాం.

కావలసినవి

- ప్రొఫైల్‌లోని రెండు భాగాలు మాత్రమే: "నా గురించి", "ఎలాంటి భాగస్వామి కావాలి". కులం, గోత్రం, నక్షత్రం, ఎత్తు వంటి గడులు ఇంట్లోవాళ్లు నింపుతారు. వాటి మీద స్నేహితురాలు చెప్పగలిగేది ఏమీ ఉండదు.
- ఆ రెండు భాగాలను ఒకే కాగితం మీద, వరుసల మధ్య ఖాళీ వదిలి రాసిన లేదా అచ్చు తీసిన ప్రతి. పక్కన రాయడానికి చోటు లేకపోతే ఎవరూ రాయరు.
- మీ దగ్గరే ఉంచుకునే ఒక చీటీ. దాని సంగతి రెండో మెట్టులో చెబుతాను.
- మీరు విసుక్కున్నప్పుడు, అలసిపోయినప్పుడు కూడా మిమ్మల్ని చూసిన ఒక మనిషి.

1. ఎవరికి రాయాలో తేల్చుకోండి

ఒక్కరు చాలు, మహా అయితే ఇద్దరు. ఐదుగురికి పంపితే ఐదు రకాల ప్రొఫైళ్లు తయారవుతాయి, మీది అందులో ఉండదు. పిన్నికీ, వదినకూ వద్దు. వాళ్లకు మీ పెళ్లి విషయంలో వాళ్ల ఆలోచన ముందే ఉంటుంది. "నువ్వు చేసింది నాకు నచ్చలేదు" అని ఎప్పుడో ఒకసారి మీతో అని, ఆ తర్వాత కూడా మీతోనే ఉన్న స్నేహితురాలు అయితే సరైన మనిషి.

అబ్బాయిలకు ఒక మాట. మీ ప్రొఫైల్ చదివేది అమ్మాయిలు, వాళ్ల తల్లులు. మీరు స్నేహితుడికి రాసినా, రెండో ప్రతి పెళ్లయిన అక్కకో, చెప్పాలనుకున్నది దాచుకోని సహోద్యోగినికో చూపించండి. అక్క బంధువే అయినా ఇక్కడ మినహాయింపు ఇస్తాను. తమ్ముడి గొప్పలను అక్క పట్టుకున్నంత తొందరగా ఇంకెవరూ పట్టుకోలేరు.

2. పంపే ముందు చీటీ రాసి దాచుకోండి

మీ ప్రొఫైల్ చదివిన మనిషికి మూడు సంగతులు గుర్తుండాలి. అవేమిటో చీటీ మీద రాసి పక్కన పెట్టండి, స్నేహితురాలికి చెప్పకండి. జవాబు వచ్చాక ఫలితం సరిచూసుకోవడానికి ఇదే కొలబద్ద. ఉదాహరణలోని రమ ఇలా రాసుకుంది: లెక్కల టీచరుని; ఉద్యోగం మానను కాబట్టి పెళ్లయ్యాక ఈ ప్రాంతంలోనే ఉండాలి; అమ్మానాన్నల బాధ్యత నాది కూడా.

ఇప్పుడు ఆమె చిత్తుప్రతి చూడండి:

> నేను సింపుల్‌గా ఉండే, కుటుంబ విలువలు తెలిసిన అమ్మాయిని. సంప్రదాయాన్నీ ఆధునికతనూ సమానంగా గౌరవిస్తాను. పుస్తకాలు చదవడం, సంగీతం వినడం, ప్రయాణాలు చేయడం ఇష్టం. చీపురుపల్లి దగ్గర ప్రభుత్వ పాఠశాలలో టీచరుగా పనిచేస్తున్నాను. రోజూ ఉదయం ఏడున్నర బస్సుకు విజయనగరం నుంచి వెళ్లి వస్తాను. నన్ను అర్థం చేసుకునే, మంచి మనసున్న, బాగా స్థిరపడిన వ్యక్తి కావాలి.

చీటీలోని మూడింటిలో ఒక్కటి సగం మాత్రమే ఇందులో ఉంది. ఇది రమకు కనబడదు, ఎందుకంటే మిగతాది ఆమె మనసులో ఉంది. కాగితం మీద లేనిది చూపించడానికే స్నేహితురాలు.

3. ఉత్తరంలో నాలుగు సంగతులు ఉండాలి

మొదటిది, నిన్నే ఎందుకు అడుగుతున్నానో చెప్పడం. ఇది పొగడ్తలా ఉండకూడదు. ఆమె గతంలో మీకు కటువుగా చెప్పిన ఒక మాటను గుర్తుచేయండి. "నీ మాట మీద నమ్మకం ఉంది" అని ఎన్నిసార్లు రాసినా కలగని ధైర్యం ఆ ఒక్క జ్ఞాపకంతో కలుగుతుంది.

రెండోది, ఇంకా మార్చవచ్చని చెప్పడం. ప్రొఫైల్ అప్పటికే పెట్టేశారని అనుకుంటే ఆమె తప్పు చెప్పదు, చెప్పి ఏం లాభం అనుకుంటుంది. నిజంగానే పెట్టేసి ఉంటే కొన్నాళ్లు దాచి ఉంచి అప్పుడు రాయండి.

మూడోది, ప్రశ్నలు. మూడు నాలుగుకు మించవద్దు. ప్రతి ప్రశ్నకూ జవాబుగా ఒక వాక్యం మీద వేలు పెట్టగలగాలి. "నా వ్యక్తిత్వం సరిగ్గా వచ్చిందా?" అంటే "వచ్చింది" అని సరిపెడుతుంది. "ఏ వాక్యం ఇంకే అమ్మాయి ప్రొఫైల్‌లోనైనా పెట్టవచ్చు?" అంటే వెతికి తీరాలి.

నాలుగోది, హద్దు. ఏ విషయం మీద మాట వద్దో ముందే చెప్పండి. దయగా చెప్పడమంటే ఏమిటో ఆమెకు తెలిసేది దీనివల్లే. రంగు, బరువు, తప్పిపోయిన పాత సంబంధం, ఏదైనా కావచ్చు. హద్దు గీస్తే మిగిలినదంతా ఆమె స్వేచ్ఛగా చెబుతుంది. హద్దు లేకపోతే ఎక్కడ నొప్పి కలుగుతుందో తెలియక అంతటా మెత్తగా నడుస్తుంది. అయితే ఒకటి: ప్రొఫైల్ చదివేవాళ్లు తప్పక అడిగే విషయాన్నే హద్దుగా పెడితే ఈ ఉత్తరం వల్ల ఉపయోగం ఉండదు.

4. ఉత్తరం రాయండి

రమ రాసింది పూర్తిగా ఇస్తున్నాను. మాటలు మీవి పెట్టుకోండి, వరుస ఇదే ఉంచండి.

> విజయనగరం,
> ఆదివారం
>
> ప్రియమైన సుధకు,
>
> ఇక్కడ అందరం క్షేమం. మీ అత్తగారి మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను.
>
> ఒక పని మీద రాస్తున్నాను. ఇంట్లో సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. ప్రొఫైల్ నేనే రాసుకుంటానని అమ్మ దగ్గర పట్టుబట్టి రాశాను. చిత్తుప్రతి దీనితో పంపుతున్నాను. ఇంకా ఎక్కడా పెట్టలేదు, మొత్తం కొట్టేసి మళ్లీ రాయమన్నా రాస్తాను.
>
> బి.ఇడి.లో నా పాఠ్య ప్రణాళిక చూసి, "ఇది పిల్లల కోసం రాసింది కాదు, చూడటానికి వచ్చే మేడమ్ కోసం రాసింది" అన్నావు గుర్తుందా? ఆ రోజు నీతో మాట్లాడలేదు. కానీ ఆ పాఠం బాగా వచ్చింది నీ మాట వల్లే. ఇప్పుడూ అలాంటి మాటే కావాలి. ఒక రోజు మూతి ముడుచుకుంటానేమో, అంతకు మించి ఏమీ జరగదు.
>
> ముందు ఒక్కసారి చదివి కాగితం పక్కన పెట్టెయ్. రాత్రి పనయ్యాక, కాగితం చూడకుండా, ఈ అమ్మాయి గురించి నీకు గుర్తున్న మూడు సంగతులు రాయి. ఆ తర్వాత మళ్లీ చదివి ఇవి చెప్పు:
>
> ఒకటి, ఏ వాక్యాలు వేరే ఎవరి ప్రొఫైల్‌లోనైనా పెట్టవచ్చు? వాటి కింద గీత గీయి.
> రెండు, నీకు తెలిసిన నాకూ ఇందులో రాసిన నాకూ ఎక్కడ పొంతన కుదరలేదు?
> మూడు, నా గురించి అవతలివాళ్లకు ముందే తెలియాల్సింది, నేను రాయనిది ఏమిటి?
> నాలుగు, ముక్కూ మొహం తెలియని మనిషి ఇది చదివి నన్ను వెతుక్కుంటూ రాగలడా?
>
> నా రంగు గురించి, వయసు గురించి మాత్రం ఏమీ రాయకు. ఆ మాటలు ఇంట్లో సరిపడా వింటున్నాను.
>
> వచ్చే ఆదివారం లోపల రాస్తే చాలు. కుదరకపోతే మూడో ప్రశ్న ఒక్కదానికే జవాబు ఇవ్వు. ఈ కాగితం నీ దగ్గరే ఉండనీ, ఇంట్లో ఎవరికీ చూపించకు.
>
> ఇట్లు,
> నీ రమ

కుదరకపోతే ఏ ప్రశ్న ఒక్కటైనా చాలో చెప్పడం గమనించారా? ఇల్లు, ఉద్యోగం, పిల్లలు ఉన్న స్నేహితురాలికి నాలుగు ప్రశ్నలు బరువుగా తోస్తే ఉత్తరం బల్ల సొరుగులో ఉండిపోతుంది. ఒక్కటి చెప్పినా చాలంటే చాలామంది కూర్చుని నాలుగూ రాస్తారు.

5. ఎలా పంపాలి

కాగితం మీద పంపడమే నాకు ఇష్టం. ఫోనులో చదివిన మనిషి చదివిన క్షణంలోనే బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకుంటుంది. చేతిలో పెన్ను ఉంటే గీత గీస్తుంది. పోస్టులో పంపితే తిరుగు చిరునామా రాసి స్టాంపు అంటించిన కవరు లోపల పెట్టండి. ఉత్తరానికి మొదటి రేటు 20 గ్రాముల వరకే వర్తిస్తుంది. మామూలు ఎ4 కాగితం ఒక్కొక్కటి సుమారు 5 గ్రాములు, కవర్ల బరువు అదనం. కాబట్టి రెండు కాగితాలు దాటితే పోస్టాఫీసులో తూయించి స్టాంపులు అంటించండి.

ఫోనులోనే పంపాలంటే ఉత్తరం, చిత్తుప్రతి వేరువేరుగా పంపి, జవాబు గొంతు రికార్డు చేసి పంపమనండి. రాసేటప్పుడు మెత్తబడే మాట నోటితో చెప్పేటప్పుడు నేరుగా వస్తుంది.

పంపే రోజు కూడా చూసుకోండి. విజయనగరంలో ఉన్న స్నేహితురాలికి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వారంలో పంపకండి. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం నాటికి ఇల్లంతా బంధువులే. మీ కాగితం పదిమంది చేతులు మారుతుంది, సాయంత్రానికి మీ పెళ్లి మీద పది సలహాలు తయారవుతాయి.

6. జవాబు వచ్చాక

సుధ రాసిన జవాబులో ముఖ్యమైన భాగం ఇది:

> గుర్తున్న మూడు: టీచరు, ఏడున్నర బస్సు, పుస్తకాలు. పుస్తకాలు ఎందుకు గుర్తున్నాయంటే, నువ్వు చదవవు కాబట్టి. మొదటి మూడు వాక్యాల కిందా గీత గీశాను. చివరి వాక్యం కింద కూడా. నువ్వు లెక్కలు చెబుతావని ఎక్కడా లేదు! సెలవుల్లో కూడా వీధిలో పిల్లలను కూర్చోబెట్టి లెక్కలు చెప్పేది నువ్వేనా ఈ అమ్మాయి? ఇంకొకటి, బెంగళూరు సంబంధం వస్తే ఏం చేస్తావు? ఉద్యోగం మానవు కదా. ఆ మాట రాయకపోతే ప్రతి సంబంధమూ మూడో ఫోన్‌కాల్ దాకా వచ్చి అక్కడ ఆగిపోతుంది. బస్సు టైము వెంటనే తీసెయ్. బస్టాండులో నిలబడితే నువ్వు దొరికిపోతావు.

ఇలాంటి జవాబు చదవగానే సమర్థించుకోవాలనిపిస్తుంది. "నేను చదువుతాను, నీకు తెలియదు" అని తిరిగి రాయకండి. "అందింది, చదివాను, చాలా పనికొచ్చింది" అని ఆ రోజుకు అంత మాత్రమే చెప్పండి. మీరు ఒక్కసారి వాదించారంటే రెండో చిత్తుప్రతికి ఆమె "బాగుంది" అంటుంది.

మరునాడు కూర్చుని ఆమె మాటలను మూడు రకాలుగా విడదీయండి. వాస్తవానికి సంబంధించినవి, అంటే లెక్కలు లేవు, బస్సు సమయం ఉంది వంటివి, వెంటనే సరిదిద్దండి. చదివితే కలిగిన అభిప్రాయాలను, ఉదాహరణకు "ఇది నువ్వు కాదు" అన్నదాన్ని, ఆమె చెప్పినట్టే మార్చనక్కరలేదు. కానీ ఆ వాక్యం మాత్రం తప్పక తిరగరాయండి. ఇక అభిరుచికి సంబంధించినవి, "సరదాగా ఒక మాట పెట్టు" వంటివి, మీకు నచ్చితే తీసుకోండి, లేకపోతే వదిలేయండి.

రమ తిరగరాసింది ఇలా వచ్చింది:

> విజయనగరం జిల్లాలో ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెబుతాను. సెలవుల్లోనూ మా వీధి పిల్లలు పలకలు పట్టుకుని మా అరుగు మీదికి వస్తారు, అది నాకు ఇష్టమైన పని. పెళ్లయ్యాక ఉద్యోగం కొనసాగిస్తాను. హైదరాబాద్‌కో బెంగళూరుకో బదిలీ అయ్యే ఉద్యోగం కాదు, కాబట్టి విజయనగరం, శ్రీకాకుళం, విశాఖ పరిసరాల్లో ఉండేవారైతే కుదురుతుంది. అమ్మానాన్నల బాధ్యతలో నాకూ వాటా ఉంది, పెళ్లి తర్వాత కూడా ఉంటుంది. మాట్లాడుకుని నిర్ణయాలు తీసుకునే మనిషి కావాలి.

దీనివల్ల వచ్చే సంబంధాల సంఖ్య తగ్గుతుంది. బెంగళూరులో స్థిరపడిన అబ్బాయి ఇది చదివి పక్కకు వెళ్తాడు. అలా వెళ్లడమే రమకు కావలసింది. ఇంట్లోవాళ్లు "తలుపులు మూసేస్తున్నావు" అంటారు. సుధ ఉత్తరంలోని బెంగళూరు మాట చదివి వినిపించండి, మీరు చెప్పినదానికంటే త్వరగా అర్థమవుతుంది.

7. సరిచూసుకోవడం

దాచిన చీటీ తీయండి. సుధకు మొదట గుర్తున్న మూడింటిలో చీటీలోది ఒక్కటే ఉంది, అదీ సగం. కొత్త ప్రతిని సుధకే పంపితే పరీక్ష చెల్లదు, ఆమెకు ఇప్పుడు అన్నీ తెలుసు. మిమ్మల్ని కొద్దిగా మాత్రమే ఎరిగిన ఇంకొకరికి చూపించి, సాయంత్రం గుర్తున్నవి అడగండి. మూడింటిలో రెండు కలిస్తే ప్రొఫైల్ సిద్ధం. ఒక్కటే కలిస్తే, కలవని సంగతిని పై వాక్యాల్లోకి తెచ్చి మళ్లీ చూడండి. చివర్లో రాసింది తరచూ గుర్తుండదు.

తరచూ జరిగే పొరపాట్లు

ఉత్తరంలోనే జవాబు చెప్పేయడం అన్నిటికంటే ఎక్కువగా చూస్తుంటాను. "కొంచెం పొడవైందేమో, కానీ నాకైతే బాగానే అనిపించింది" అని రాస్తే స్నేహితురాలు మీ మాటనే మీకు తిరిగి ఇస్తుంది. మీ అభిప్రాయం ఒక్క ముక్క కూడా ఉత్తరంలో రాయకండి.

ఫోటో గురించీ, రాసినదాని గురించీ ఒకేసారి అడగడం ఇంకొకటి. ఫోటో ఉంటే అందరూ ఫోటో గురించే మాట్లాడతారు. దాన్ని వేరేగా, తర్వాత పంపండి. "ఇందులో నేను మామూలుగా ఎలా ఉంటానో అలాగే ఉన్నానా?" అన్న ఒక్క ప్రశ్న చాలు.

"బాగుంది" అన్న జవాబే మళ్లీ వస్తే కోపగించుకోకండి. "ఒక్క వాక్యం కొట్టేయాల్సివస్తే ఏది కొడతావు?" అని తిరిగి అడగండి. ఆ ఒక్కటి చెప్పాక మిగతావి వాటంతటవే వస్తాయి. అప్పటికీ రాకపోతే ఆమెను వదిలి ఇంకొకరికి రాయండి. మంచి స్నేహితురాళ్లందరికీ ఈ పని చేతకాదు.

ఇక స్నేహితురాలు సరిచేశాక ఇంట్లోవాళ్లు చివర ఒక వాక్యం చేర్చే అలవాటు ఉంది: "పెళ్లికి ఇంత ఇవ్వగలం", "అమ్మాయి పేర స్థలం రాస్తాం". దీన్ని మాత్రం ఒప్పుకోకండి. పెళ్లికి ప్రతిగా డబ్బుగానీ ఆస్తిలో వాటాగానీ ఇస్తామని పత్రికలోనైనా మరే మాధ్యమంలోనైనా ప్రకటించడాన్ని 1961 నాటి వరకట్న నిషేధ చట్టంలోని 4ఎ సెక్షన్ నేరంగా చెబుతోంది. శిక్ష 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలు, లేదా 15,000 రూపాయల దాకా జరిమానా. అందుకే ప్రొఫైల్ పెట్టిన రోజున తెర మీద కనబడుతున్నదాన్ని మొదటి అక్షరం నుంచి మీరే చదవండి. దాన్నే సుధకూ పంపండి. ఆమె చెప్పినవాటిలో మీరు ఉంచనివి ఏవో, ఎందుకు ఉంచలేదో ఒక్కో వాక్యంలో రాయండి. రేపు ఫోటో గురించి అడిగినప్పుడు ఆమె మళ్లీ పెన్ను పట్టుకుని కూర్చుంటుంది.